ముంద్రా దారిలో నీ ఓడ గురించి

విశాఖపట్నం,
మార్చి 3

చిరంజీవి సుమతికి నాన్న ఆశీస్సులు.

మీ ఓడ రిచర్డ్స్ బేలో బొగ్గు నింపుకొని ముంద్రాకు బయలుదేరుతున్నదని రాశావు. థర్డ్ ఆఫీసరుగా నువ్వు సముద్రపు దొంగల భయమున్న సోమాలియా వైపు నీళ్ళలోకి వెళ్ళడం ఇదే మొదటిసారి కాబట్టి, ఇంజన్ రూములో ముప్ఫై ఏళ్ళు గడిపినవాడిగా కొన్ని మాటలు చెప్పాలనిపించింది.

దారిని కెప్టెనూ కంపెనీవారూ కలిసి నిర్ణయిస్తారు. మడగాస్కర్‌కు తూర్పుగా, ఆఫ్రికా తీరానికి వీలైనంత ఎడంగా వెళితే చమురూ రోజులూ ఎక్కువే పడతాయి, అయినా ఆ ఖర్చు దండగ అనుకోకు. అలాగని దూరం ఒక్కటే కాపాడుతుందనీ అనుకోవద్దు. దొంగలు పెద్ద చేపల పడవనొకదాన్ని పట్టుకొని, స్కిఫ్‌లనే చిన్న వేగపు పడవలను దాని వెంట లాక్కుంటూ నడిసముద్రం దాకా వస్తారు. 2024 జనవరి 4న లీలా నార్ఫోక్ మీదికి సాయుధులు ఎక్కినప్పుడు ఆ ఓడ సోమాలియాకు సుమారు 450 నాటికల్ మైళ్ళ తూర్పున ఉంది. పైగా ఇప్పుడు రెండు రుతుపవనాల నడుమ సముద్రం చదునుగా ఉండే కాలం. చిన్న పడవలకు అదే అనుకూలం.

నువ్వు ముందుగా వేసుకోవలసింది నిమిషాల లెక్క. నిండా బొగ్గుతో మీ ఓడ 13 నాట్ల వేగంతో పోతుంది, డెక్కు కూడా నీటికి దగ్గరగా దిగి ఉంటుంది. స్కిఫ్ 25 నాట్లు అందుకోగలదు. అది వెనకనుంచి తరుముకొస్తే ఇద్దరి మధ్య తేడా గంటకు 12 మైళ్ళు. నాలుగు మైళ్ళ దూరంలో కనిపెడితే మీకు 20 నిమిషాలున్నట్టు. ఒక మైలు దాకా చూడకపోతే మిగిలేవి 5 నిమిషాలే. అలారం మోగించడం, సందేశం పంపడం, అందరూ లోపలికి చేరడం ఆ వ్యవధిలోనే జరగాలి.

అందుకే వాచ్‌లో వెనకవైపు చూసేందుకు ప్రత్యేకంగా ఒక మనిషి ఉండాలి. స్కిఫ్ రాడార్‌లో అలల చుక్కల మధ్య కలిసిపోతుంది. చిమ్నీ అడ్డువల్ల కొన్ని ఓడల్లో వెనక దిక్కున రాడార్‌కు గుడ్డి భాగం కూడా ఉంటుంది. నీది ఎనిమిది-పన్నెండు వాచ్ అయినా, దాడులు ఎక్కువగా తెల్లవారే వేళా సాయంసంధ్య వేళా జరుగుతాయి కాబట్టి అదనపు కాపలాకు లేపితే విసుక్కోకు. పడవ కనిపించగానే దొంగలని తేల్చేయవద్దు. జాలర్లు కూడా వలలు తెగిపోతాయని ఓడలకు అడ్డం వస్తారు, కొందరి దగ్గర తుపాకులూ ఉంటాయి. వలల్లేకుండా నిచ్చెనా, చమురు పీపాలూ కనిపిస్తే అప్పుడు సందేహించవద్దు.

ఇక సిటడెల్, అంటే అందరూ తలుపు బిగించుకొని దాక్కునే గది. ఒకసారి మా ఓడలో డ్రిల్లు పెట్టి, స్టీరింగ్ గేర్ రూములో తలుపు మూసి లెక్కపెడితే 21 మందికి 20 మందే తేలారు. మెస్‌మన్ క్యాబిన్‌లో పాస్‌పోర్టు వెతుక్కుంటున్నాడు! అది డ్రిల్లు కాబట్టి నవ్వుకున్నాం. నిజంగా ఒక్కడు బయట చిక్కితే, అతని తలకు తుపాకీ పెట్టి మిగతావారితో తలుపు తీయిస్తారు. సైనికులు కూడా ఓడ ఎక్కడానికి వెనకాడతారు.

లీలా నార్ఫోక్‌లో 21 మంది, వారిలో 15 మంది భారతీయులు, అందరూ సిటడెల్‌లో ఉన్నారు. మరునాడు మధ్యాహ్నానికి ఐ.ఎన్.ఎస్. చెన్నై చేరుకుంది, మార్కోస్ కమాండోలు ఓడంతా గాలించారు, దొంగలు అప్పటికే వెళ్ళిపోయారు. తర్వాత ఆ ఓడలో కరెంటునూ ఇంజన్‌నూ మళ్ళీ నడిపించడానికి నావికాదళం వారే సాయపడ్డారు. దాక్కునే ముందు ఇంజన్ ఆపేసి, దొంగలు ఓడను తమ తీరానికి మళ్ళించుకోలేకుండా చేయడం మీ చీఫ్ ఇంజనీరు పని. ఎవరు ఏ మీట ఆపాలో ముందే తేల్చుకున్నారేమో అడుగు.

2011 జనవరిలో బెలూగా నామినేషన్ అనే ఓడ సిబ్బంది కూడా అలాగే దాక్కున్నారు. వేళకు సాయం అందలేదు, సుమారు రెండు రోజుల తర్వాత దొంగలు ఆ గదిని ఛేదించి లోపలికి వచ్చారు. సిటడెల్ కొంత గడువు ఇస్తుంది, అంతే. మీరెక్కడున్నారో బయట తెలియకపోతే ఆ గడువు వృథా.

అందుచేత ఆ గదిలోని శాటిలైట్ ఫోను నువ్వే చూడు. ఇనుప గోడల మధ్య చేతి ఫోను పనిచేయదు. దాని యాంటెన్నా బయట, దొంగల కంటపడని చోట ఉండాలి. తలుపు మూసి, లోపలినుంచి నిజంగా ఒక కాల్ చేసి చూడండి. నీళ్ళు, తిండి, బకెట్టు, మందులు ఉన్నాయో లేదో ఎవరైనా చూస్తారు, గాలి సంగతి మాత్రం మరిచిపోతారు. ఫ్యాన్లు ఆగాక ఆ గది ఎంత ఉడికిపోతుందో నాకు తెలుసు. తలుపు ఎవరు తట్టినా, ఏ భాషలో పిలిచినా, నావికాదళం ఫోనులో ధ్రువపరచే దాకా తీయవద్దు.

డ్రిల్లు అయ్యాక, అలారం మోగినప్పటినుంచి ఆఖరి మనిషి లోపలికి వచ్చేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో నాకు రాయి.

ఇట్లు,
నాన్న