రాత్రి డ్యూటీలో ఉన్న ఆ డాక్టరమ్మకు కృతజ్ఞతలు

అమ్మ నిన్న సాయంత్రం ఇంటికి వచ్చింది. నాకింకా నిద్ర తీరలేదు, అయినా ఇది ఇప్పుడే రాయాలనిపిస్తోంది.

అమ్మకు 64 ఏళ్లు. గుండె జబ్బు వల్ల కాళ్లు వాస్తుంటే మూడేళ్లుగా నీరు పోయే మాత్ర, ఫ్రూసెమైడ్, వేసుకుంటోంది. దానికి తోడు పన్నెండు రోజులు విరేచనాలు పట్టుకున్నాయి. కడపలో అడ్మిట్ చేసేసరికి పొటాషియం 2.6. కనీసం 3.5 ఉండాలి. రెండు రోజులు సెలైన్‌లో ఎక్కించారు, సిరప్ తాపించారు. మూడో రోజు చూస్తే 2.7. పిక్కలు పట్టేసి అమ్మ రాత్రంతా మూలుగుతూనే ఉంది.

ఆ రాత్రి డ్యూటీకి వచ్చిన డాక్టరమ్మ మాకు ఎవరూ కాదు, అంతకు ముందు చూసింది కూడా లేదు. రిపోర్టులు చూసి, "అన్నా, అమ్మ మాత్రల సంచి మొత్తం తీసుకురండి" అంది. ఫ్రూసెమైడ్‌తో పాటు ఏళ్ల తరబడి వాడుతున్న గ్యాస్ మాత్ర పాంటాప్రజోల్ కూడా బయటపడింది. ఈ రెండు మాత్రలూ ఒంట్లో మెగ్నీషియం తగ్గించగలవట. "మెగ్నీషియం చూశారా?" అంది. ఎవరూ చూడలేదు.

మంచం పక్కనే నిలబడి నాకు అర్థమయ్యేలా చెప్పింది. కిడ్నీ కణాల్లో పొటాషియం బయటికి పోయే దారికి మెగ్నీషియమే మూతలా అడ్డుంటుందట. అది తగ్గితే పొటాషియం ఎంత ఎక్కించినా మూత్రంలో పోతూనే ఉంటుంది. విరేచనాల వల్లనే పోతుంటే కిడ్నీ పొటాషియంను పట్టి ఉంచుకోవాలి, మూత్రంలో తక్కువ కనిపించాలి. అమ్మ మూత్రం పరీక్షలో ఎక్కువగానే వచ్చింది. మెగ్నీషియం 0.9, ఉండాల్సింది 1.7 పైన. నోటితో ఇస్తే విరేచనాలు ఇంకా పెరుగుతాయని, వేగంగా ఎక్కిస్తే చాలావరకు మూత్రంలో పోతుందని, ముందు కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ చూసి నిదానంగా ఎక్కించింది. మధ్యమధ్యలో వచ్చి చిన్న సుత్తితో అమ్మ మోకాలి మీద తట్టి చూసేది. మోతాదు మించితే ఆ కదలిక తగ్గుతుందట. రెండో రోజుకు పొటాషియం 3.4.

ఇంకో మాట కూడా ముందే చెప్పింది: "ఇన్నాళ్లు సరిగా తినలేదు కదా, గ్లూకోజ్, గంజి మొదలయ్యాక ఫాస్ఫేట్ పడిపోవచ్చు, మళ్లీ చూద్దాం." మొదట 2.4 ఉన్నది మూడో రోజుకు 1.4 అయింది. కనిపెట్టి ఉంది కాబట్టి వెంటనే ఫాస్ఫేట్ ఇచ్చారు. తెల్లవారుజామున అమ్మ "కాళ్లు సడలినాయి నాయనా" అన్నప్పుడు డాక్టరమ్మ తల నిమిరి, "ఇంక పడుకో అమ్మా" అంది. నేను వరండాలోకి వెళ్లి ఏడ్చాను.

అన్న, వదిన రాత్రిళ్లు ఉన్నారు, అది వేరే చెప్పనక్కర్లేదు.

నా బాధ ఒక్కటే. ఎలక్ట్రోలైట్స్ అని డబ్బు కట్టించుకుని సోడియం, పొటాషియం, క్లోరైడ్ మాత్రమే చూస్తారు. మెగ్నీషియం విడిగా రాయాలి, అక్కడి ల్యాబ్‌లో అది చెయ్యరు. అర్ధరాత్రి నేనే రక్తం గొట్టం పట్టుకుని ఏడు రోడ్ల దగ్గరున్న బయటి ల్యాబ్‌కు పరిగెత్తాను. నీరు పోయే మాత్ర ఇచ్చిన మూడేళ్లలో ఒక్కసారి కూడా ఈ పరీక్ష రాయలేదు.

అయ్యో, మరిచాను: ఆ ల్యాబ్ తలుపు తీసిన తమ్ముడికి, డబ్బులు వద్దన్న ఆటో అన్నకు, అమ్మకు గుడ్డలు మార్చిన ఆయమ్మకు, పక్క మంచం వాళ్లు ఇచ్చిన ఫ్లాస్కుకు కూడా. ఫ్లాస్కు ఇంకా మా దగ్గరే ఉంది, రేపు తెచ్చిస్తాను.