గౌను మీమ్‌లో కింది అంచు కొలత కూడా కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఎడమవైపు ఆన్‌లైన్ అమ్మకందారు ఫొటోలో నేలంతా పరుచుకున్న గౌను, కుడివైపు పార్సిల్‌లో వచ్చిన నీరుగారిన గౌను. ఈ మీమ్‌లు చూసి చాలామంది వేసుకున్న మనిషి ఒళ్లును వెక్కిరిస్తున్నారు. లోపం ఒంటిది కాదు, కత్తిరింపుది.

ఫొటోలోది చాలావరకు అంబ్రెల్లా కట్, అంటే మధ్యలో నడుముకు చోటు వదిలి బట్టను నిండు వృత్తంగా కత్తిరించేది. నడుము 70 సెంటీమీటర్లు, నడుము నుంచి పొడవు 100 అనుకుందాం. నడుము దగ్గర వృత్తానికి వ్యాసార్థం 11 వస్తుంది, దానికి పొడవు కలిపితే 111. అంటే కింది అంచు చుట్టుకొలత దాదాపు 7 మీటర్లు. 150 సెంటీమీటర్ల వెడల్పున్న బట్టలో దీన్ని రెండు అర్ధవృత్తాలుగా కత్తిరించాలి. అందుకు నాలుగున్నర మీటర్లు పడుతుంది, మూలల్లో బోలెడు ముక్కలు వృథా అవుతాయి.

ఆ ఫొటో చూసి చవగ్గా కుట్టేవారు అదే వెడల్పు బట్టలో మీటరు పొడవు ముక్కలు రెండు తీసి, పక్కలు కలిపి, నడుము దగ్గర కుచ్చులు పోస్తారు. రెండు మీటర్లతో పని అయిపోతుంది. కానీ కింద చుట్టు 3 మీటర్లే. ఆ 3 మీటర్లూ 70 సెంటీమీటర్లలోకి ముడుచుకోవడంతో నడుము ఉబ్బుతుంది, కింద మాత్రం గుడ్డ నిటారుగా వేలాడుతుంది. మీమ్‌లో మనం చూసే ఆకారం సరిగ్గా ఇదే. పైగా ఫొటో తీసేటప్పుడు లోపల గౌనును ఉబ్బెత్తుగా నిలిపే క్యాన్‌క్యాన్ వల ఉంటుంది, వీపు వెనక క్లిప్పులతో బిగిస్తారు. కాబట్టి నిజమైన అంబ్రెల్లా కట్ వచ్చినా ఫొటోలో ఉన్నంత విచ్చుకోదు. ఆ మాత్రం తేడాను మోసం అనలేం.

కొనకముందే గుర్తుపట్టవచ్చు. కొన్నవాళ్లు పెట్టిన ఫొటోల్లో నడుము కుట్టు చూడండి. అమ్మకందారు ఫొటోలో అక్కడ నున్నగా ఉండి, వీళ్ల ఫొటోల్లో దట్టమైన కుచ్చులుంటే కట్ మారినట్టే. అప్పుడు పెద్ద సైజు తెప్పించినా ప్రయోజనం లేదు. వాపసు చేసేటప్పుడు చాలామంది ‘సైజు సరిపోలేదు’ అని నొక్కేస్తారు. దాంతో అదే గౌను ఇంకో సైజులో మళ్లీ రావచ్చు. ‘చూపించిన వస్తువు కాదు’ అన్న కారణమే ఎంచుకుని, గౌనును నేలమీద పరిచి, కింది అంచు వెంట టేపు పెట్టి తీసిన ఫొటో జతచేయాలి.

సైజు పట్టికల్లో ఛాతీ, నడుము, పొడవు ఉంటాయి, కింది చుట్టు మాత్రం ఎక్కడోగానీ కనిపించదు. గౌన్లు, లంగాలు అమ్మే ప్రతి పేజీలో ఆ ఒక్క అంకె తప్పనిసరి చేయాలి. 7 అని రాసి 3 పంపితే తగువు అక్కడే తేలిపోతుంది. మీ పత్రిక ఇలాంటి మీమ్‌లు వేసేటప్పుడు వేసుకున్న వ్యక్తి ముఖం తీసేసి, ఆ టేపు ఫొటో పక్కన వేయాలని నా విన్నపం.

ఇట్లు,
కుట్టుపని తెలిసిన ఒక పాఠకురాలు