ఎల్‌నినో అనగానే కరువని రాయొద్దు

సంపాదకుడు గారికి,

నమస్కారం. విశాఖలో భూగోళ శాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. వేసవి రాగానే మన పత్రికల్లో, టీవీల్లో కనిపించే ఒక శీర్షిక గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. "ఎల్‌నినో వస్తోంది, ఈ ఏడాది కరువే" అన్నది ఆ శీర్షిక. మాటలు అటూ ఇటూ మారినా భావం అదే.

చోడవరం వైపు వ్యవసాయం చేసే మా బావమరిది అలాంటి వార్తే చదివి ఫోన్ చేశాడు. "బావా, ఈసారి వానలుండవని పేపర్లో పడ్డాది. ఆకుమడి పొయ్యాలా, వద్దా?" అన్నాడు. కౌలుకు తీసుకున్న పొలం అది. విత్తనాలు కొనాలా, అప్పు చెయ్యాలా, వరి మానేసి ఇంకేదైనా వెయ్యాలా అన్నవన్నీ ఆ ఒక్క వార్త మీదే తేల్చుకోబోతున్నాడు. అతనికి సరైన జవాబు చెప్పాలంటే ఎల్‌నినో వచ్చిందా లేదా అన్నది చాలదు. వేడి పసిఫిక్‌లో ఏ చోట ఉందో చూడాలి.

విషయం ఇది. మామూలు రోజుల్లో భూమధ్యరేఖ దగ్గర పసిఫిక్ మీద గాలులు తూర్పు నుంచి పడమరకు వీస్తాయి. పైనున్న గోరువెచ్చని నీళ్ళను ఇండోనేషియా వైపు నెట్టుకుపోతాయి. అక్కడి సముద్రమట్టం పెరూ వైపు కంటే అరమీటరు దాకా ఎత్తుగా ఉంటుంది. పెరూ తీరంలో మాత్రం అడుగు నుంచి చల్లని నీళ్ళు పైకి వస్తాయి. వెచ్చని సముద్రం మీద గాలి పైకి లేచి మేఘాలు కడుతుంది. అలా లేచిన గాలి ఎక్కడో ఒకచోట కిందికి దిగాలి కదా, అది దిగిన చోట వానలు పడవు. కొన్నేళ్ళకోసారి ఆ తూర్పు గాలులు బలహీనపడతాయి. వెచ్చని నీళ్ళు వెనక్కి, తూర్పుకు జరుగుతాయి. వాటితో పాటే మేఘాలూ జరుగుతాయి. అదే ఎల్‌నినో. ఆ గాలులు మామూలు కంటే బలపడి, మధ్య, తూర్పు పసిఫిక్ చల్లబడితే లానినా.

గాలి లేచే చోటు జరిగితే దిగే చోటూ జరుగుతుంది. అది మన దేశం మీదికి వచ్చిందా, రాలేదా అన్నదే మనకు కావలసింది.

1997, 2002 సంవత్సరాలను పక్కపక్కన పెట్టి చూడండి. 1997లో వచ్చిన ఎల్‌నినో గత శతాబ్దంలోనే అతి బలమైన వాటిలో ఒకటి. ముదిరిన దశలో మధ్య పసిఫిక్ ఉష్ణోగ్రత మామూలు కంటే రెండు డిగ్రీలకు పైగా పెరిగింది. పెరూ తీరంలో అంతకంటే ఎక్కువే పెరిగింది. ఇక్కడ అందరూ కరువుకు సిద్ధపడ్డారు. కానీ ఆ ఏడాది నైరుతి రుతుపవనాల్లో దేశానికి సగటు కంటే 2 శాతం ఎక్కువ వాన కురిసింది. 2002 ఎల్‌నినో దాంతో పోలిస్తే చిన్నది, ఒకటిన్నర డిగ్రీ కూడా పెరగలేదు. అయినా ఆ జులైలో దేశంలో కురవాల్సిన దాంట్లో దాదాపు సగమే కురిసింది. సీజన్ మొత్తం మీద లోటు 19 శాతం. ఆ ఏడాది కరువు మన రాష్ట్రంలో రైతులెవరూ మరిచిపోరు.

పెద్ద ఎల్‌నినో వదిలేసి చిన్నది ఎందుకు దెబ్బ తీసిందన్న ప్రశ్నకు వాతావరణ శాస్త్రవేత్తలు కృష్ణకుమార్, బాలాజీ రాజగోపాలన్, వారి సహచరులు 2006లో ఒక సమాధానం చెప్పారు. 132 ఏళ్ళ వర్షపాతం లెక్కలు తీసి చూస్తే, మన తీవ్రమైన కరువులన్నీ ఎల్‌నినో ఏడాదుల్లోనే వచ్చాయి, ఎల్‌నినో ఏడాదులన్నీ మాత్రం కరువు తేలేదు. తేడా వేడి ఉన్న చోటులో ఉంది. అది మధ్య పసిఫిక్‌లో పోగుపడితే దిగే గాలి సరిగ్గా మన మీదికి వస్తుంది. 2002లో జరిగింది అదే. వేడి పెరూ దాకా జరిగిపోతే ఆ దిగే గాలి కూడా మన నుంచి తూర్పుకు తప్పుకుంటుంది. 1997లో ఇండోనేషియాకు భయంకరమైన అనావృష్టి పట్టి అడవులు తగలబడ్డాయి. మనం బయటపడ్డాం.

ఇంకో సంగతి కూడా 1997లో మనకు కలిసొచ్చింది. హిందూ మహాసముద్రంలోనూ ఇలాంటి ఊగిసలాట ఉంది. ఆఫ్రికా వైపు నీళ్ళు వేడెక్కి, సుమత్రా వైపు చల్లబడితే దాన్ని పాజిటివ్ డైపోల్ అంటారు. అప్పుడు మన వైపు తేమ పెరిగి, ఎల్‌నినో దెబ్బ కొంత తగ్గుతుంది. 1997లో అది బలంగా ఉంది. 2002లో ఆ అండ దొరకలేదు.

అలాగని ఇది ప్రతిసారీ పనిచేసే సూత్రం కాదు. 2015లో మధ్యనా, తూర్పునా రెండు చోట్లా సముద్రం బాగా వేడెక్కింది. డైపోల్ పాజిటివ్‌గా ఉన్నా ఆదుకోలేదు, వాన 14 శాతం తగ్గింది. అందుకే రెండు సముద్రాలనూ కలిపి చూడాలి, చూశాక కూడా అవకాశాలు ఇంత అని చెప్పడమే తప్ప ఖాయం అనకూడదు.

మీ విలేకరులు ఈ సంగతి తెలుసుకోవడం కష్టమేమీ కాదు. పసిఫిక్‌ను నాలుగు ప్రాంతాలుగా విడగొట్టి వారం వారం ఉష్ణోగ్రతలు బయటపెడతారు. పెరూ తీరాన్ని నినో 1+2 అంటారు, మధ్య పసిఫిక్‌లో పడమటి భాగాన్ని నినో 4 అంటారు. వార్తల్లో ఎప్పుడూ వినపడే నినో 3.4 ఈ రెండింటికీ నడుమ ఉంటుంది. ఆ ఒక్క అంకె చూస్తే వేడి ఎటు ఒరిగిందో తెలియదు. నినో 4ను, నినో 1+2ను పక్కపక్కన చూడాలి. అయితే ఈ రెండు అంకెల్నీ ఒకే కొలతతో తూచకూడదు. నినో 4 దగ్గర సముద్రం ఎప్పుడూ 28, 29 డిగ్రీల దగ్గరే ఉంటుంది. భారీ మేఘాలు కట్టడానికి కావలసిన వేడి అక్కడ ముందే ఉంది కాబట్టి ముప్పావు డిగ్రీ పెరిగినా మేఘాలు చోటు మారతాయి. పెరూ తీరం మామూలుగా చల్లన, అక్కడ అదే ముప్పావు డిగ్రీకి పెద్దగా ఏమీ జరగదు. భారత వాతావరణ శాఖ పుణె కార్యాలయం ఎల్‌నినో, డైపోల్ రెండింటి మీదా నెల నెలా బులెటిన్ ఇస్తుంది. అది చూసి రాస్తే సగం పొరపాట్లు పోతాయి.

మరో పొరపాటు తొందర. మార్చి, ఏప్రిల్ నెలల్లో వేసే ఎల్‌నినో అంచనాలు ఏడాది మొత్తంలోకీ బలహీనమైనవి. అప్పుడు పసిఫిక్ ఒక దశ నుంచి ఇంకో దశకు మారుతూ ఉంటుంది, చిన్న గాలి మార్పు కూడా దాన్ని ఎటైనా తిప్పగలదు. శాస్త్రవేత్తలు దీన్ని వసంతకాలపు అడ్డుగోడ అంటారు. 2014 వసంతంలో 1997 అంతటి ఎల్‌నినో రాబోతోందని ప్రపంచమంతా రాసింది. జులై నాటికి అది చప్పబడిపోయింది. అసలైనది మరుసటి ఏడాది వచ్చింది. సరిగ్గా మా బావమరిది విత్తనాలు కొనే ముందే మనం ఇంత నమ్మకంగా రాస్తున్నాం. జూన్ బులెటిన్ దాకా ఆగితే అంచనాకు చాలా బలం వస్తుంది.

ఆ 2014 మన ఊరికి ఇంకో పాఠం కూడా. ఆ నైరుతి సీజన్‌లో దేశం మొత్తం మీద 12 శాతం లోటు. కానీ అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదే తీరం దాటింది. దేశం సగటు చూసి మన నీళ్ళ సంగతి చెప్పలేమనడానికి అంతకు మించిన ఉదాహరణ నాకు తెలియదు. విశాఖలో సెప్టెంబరు, అక్టోబరు నెలల వానే ఎక్కువ. బంగాళాఖాతంలో అల్పపీడనాలు లేస్తే మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి జలాశయాలు నిండుతాయి, లేవకపోతే లేదు. ఎల్‌నినో ఏడాదిలో మనం భయపడాల్సింది ముఖ్యంగా జులై, ఆగస్టుల్లో వచ్చే పొడి విరామానికి. 2023లో దేశమంతా ఆగస్టు వాన 36 శాతం తగ్గింది, 1901 నుంచి లెక్కల్లో అంత పొడి ఆగస్టు లేదు. సెప్టెంబరులో కోలుకుని, సీజన్ సగటులో 94 శాతం దగ్గర ముగిసింది. ఏడాది చివర్న ఆ 94 చూసిన వారికి ఫర్వాలేదనిపిస్తుంది. ఉభాలు వేసి, ఆగస్టులో నీళ్ళు లేక మడి నెర్రెలిచ్చిన రైతుకు అలా అనిపించదు.

రైవాడ నీళ్ళు పొలాలకూ కావాలి, మన కుళాయిలకూ కావాలి. ఆగస్టు పొడిగా పోతే ఆ పోటీ ఆ నెలలోనే మొదలవుతుంది. అందుకే నగరానికి నీళ్ళిచ్చే అధికారులకు కూడా నా మనవి ఒకటుంది. ఎల్‌నినో అని వినగానే ఏప్రిల్‌లో మీటింగు పెట్టడం కంటే, జులై చివర జలాశయాల మట్టం, ఆ నెల డైపోల్ అంకె, నినో 4 అంకె మూడూ కలిపి చూసి, పంటకు ఎంత, ఊరికి ఎంత అన్నది అప్పుడే రైతులకు చెప్పాలి. ఏలేరు కాలువ మీద ఎంత ఆధారపడాలో కూడా అప్పుడే తేలుతుంది. అక్టోబరు దాటాక చెబితే వాళ్ళు చెయ్యగలిగింది ఏమీ ఉండదు.

లానినా అనగానే "ఇక వానలే వానలు" అని రాయడమూ ఇలాంటిదే. 2021 మధ్యలో కాస్త సడలినా, 2020 నుంచి వరసగా మూడేళ్ళు లానినా నడిచింది. అయినా 2021 ఆగస్టులో దేశంలో 24 శాతం లోటు పడింది. లానినా ఏడాదిలో ఈశాన్య రుతుపవనాలు దక్షిణాదిన సాధారణంగా తగ్గుతాయంటారు, కానీ అదే 2021 నవంబరులో కడప, తిరుపతి వైపు కుండపోత కురిసి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. మన తీరానికి లానినాలో ఇంకో చిక్కు ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో బలమైన తుపాన్లు వచ్చే అవకాశం ఆ ఏడాదుల్లో పెరుగుతుంది. 1999 అక్టోబరులో ఒడిశాను ముంచిన సూపర్ సైక్లోన్ లానినా ఏడాదిలోనే వచ్చింది. మన మత్స్యకారులకు లానినా వార్త శుభవార్తగా చేరకూడదు.

కాబట్టి నేను కోరేది ఇంతే. ఎల్‌నినో మీద వార్త వేసినప్పుడల్లా వేడి ఎక్కడుందో, డైపోల్ ఎలా ఉందో, ఆ అంచనా ఏ నెలలో వేసిందో మూడు వాక్యాల్లో పక్కన రాయండి. వీలైతే ఒక చిన్న మ్యాపు వెయ్యండి. జిల్లా పేజీలో జులై నుంచి అక్టోబరు దాకా వారానికోసారి మూడు జలాశయాల మట్టం, పోయినేడు అదే రోజు ఉన్న మట్టంతో కలిపి ఇవ్వండి. మా బావమరిదికి నేను ఆకుమడి పొయ్యమనే చెప్పాను, కాకపోతే తక్కువ రోజుల్లో కోతకొచ్చే రకం వేసుకోమని, కొంత చెక్క మెట్ట పంటకు ఉంచుకోమని చెప్పాను. అది మీ పత్రికలో చదివి అతనే తేల్చుకోగలిగితే ఇంకా బాగుంటుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం