బ్రష్ మీద పేస్టు ఎంత?

సంపాదకుడికి,

మా మనవరాలికి రెండున్నరేళ్లు. పొద్దున్నే బ్రష్ పట్టుకుని నా ఒళ్లోకి వస్తుంది. స్ట్రాబెర్రీ వాసన వచ్చే పేస్టును టీవీ ప్రకటనలో చూపినట్టు ఈ చివర నుంచి ఆ చివర వరకు పెట్టాల్సిందే, లేకపోతే ఏడుపు. "ఉమ్మెయ్ తల్లీ" అంటే నవ్వి మింగేస్తుంది. ఆ వయసు పిల్లలకు ఉమ్మడం ఇంకా సరిగ్గా రాదు.

అనుమానం వచ్చి ఆ బ్రష్‌ను బొబ్బిలిలో తెలిసిన బంగారం కొట్టుకు తీసుకెళ్లి, ఖాళీగా ఒకసారి, పేస్టు పెట్టి ఒకసారి తూయించాను. కొట్టాయన నన్ను అదోలా చూశాడు గానీ, తేడా 0.8 గ్రాము తేలింది. ట్యూబు మీద ఫ్లోరైడ్ 1000 పీపీఎం అని ఉంది. అంటే గ్రాము పేస్టులో ఒక మిల్లీగ్రాము. రెండు పూటలా మింగేస్తే రోజుకు 1.6 మిల్లీగ్రాములు. ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు తిండి, నీరు అన్నీ కలిపి రోజుకు 1.3 దాటకూడదని అమెరికా పోషకాహార ప్రమాణాలు చెబుతాయి. మా పిల్ల ఒక్క పేస్టుతోనే అది దాటేస్తోంది.

చిక్కేమిటంటే, ఇప్పుడు ఆ పాలపళ్లు చూస్తే తళతళలాడుతుంటాయి. ఎక్కువైన ఫ్లోరైడ్ వల్ల దెబ్బ తగిలేది చిగురు లోపల తయారవుతున్న శాశ్వత పళ్ల పైపూతకు. అవి ఆరేడేళ్లకు బయటికొచ్చినప్పుడు ముందు పళ్ల మీద సుద్ద గీతల్లాంటి తెల్ల చారలు కనిపిస్తాయి, కుడిఎడమల జంట పళ్ల మీద ఒకేలా. ఒక్క పన్ను మీదే మచ్చ ఉంటే కారణం వేరే కావచ్చు. పేస్టు వల్ల వచ్చేవి ఎక్కువగా తేలికపాటి చారలే, నొప్పి ఉండదు. కానీ తోమితే పోవు.

అందుకని పేస్టు మానేస్తే పళ్లు పుచ్చుతాయి, అది ఇంకా నష్టం. మూడేళ్లలోపు బియ్యపు గింజంత పూత చాలు, అంటే సుమారు 0.1 గ్రాము. అది మొత్తం మింగినా లోపలికెళ్లే ఫ్లోరైడ్ 0.1 మిల్లీగ్రామే. మూడు నుంచి ఆరేళ్ల వరకు పచ్చి బఠాణీ గింజంత. పేస్టును బ్రష్ పొడవునా కాక అడ్డంగా, పెద్దవాళ్లే పెట్టాలి. ట్యూబు పైఅరలో ఉండాలి. పిల్లలు చప్పరించి చాలా తినేస్తే పాలు తాగించి, వెంటనే డాక్టరుకు చెప్పాలి. పాలలోని కాల్షియం ఫ్లోరైడ్‌ను పట్టేస్తుంది.

బోరు నీళ్లు తాగే ఇళ్లవాళ్లు ఆ నీటిలో ఫ్లోరైడ్ ఎంతుందో కూడా పరీక్ష చేయించుకోవాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పేస్టు తగ్గించినంత మాత్రాన సరిపోదు.

నేను కోరేది రెండు. ట్యూబు మీద బియ్యపు గింజ, బఠాణీ బొమ్మలు అసలు సైజులో, తెలుగు మాటలతో ముద్రించేలా అధికారులు కంపెనీలకు చెప్పాలి. మా జిల్లా అంగన్‌వాడీల్లో పిల్లల బరువు తూచే రోజున ఒక బ్రష్ మీద ఆ పూత వేసి తల్లులకు చూపించాలి. మా కోడలు ఫోనులో ఎన్ని చదివినా నమ్మలేదు. బ్రష్ మీద గింజంత పెట్టి చూపించాకే "ఇంతేనా మావయ్యా?" అంది.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, బొబ్బిలి, విజయనగరం జిల్లా