పిల్లల కుస్తీ ఆటల విభాగం – వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు మ్యాట్ మీద నేర్పుతున్న కుస్తీ ఆటల గురించి ఈ నివేదిక. "ఇన్నాళ్లయినా పిల్లలు ఇంకా తలపడటం లేదేమిటి?" అని తల్లిదండ్రులు తరచూ అడుగుతున్నారు. అందుకే ఈ ఏడాది ఏం నేర్పామో, ఆ వరుసలోనే ఎందుకు నేర్పామో కాస్త వివరంగా రాస్తున్నాం. పడటం రాని పిల్లల్ని పడేసే ఆటలోకి దింపకూడదన్నది విభాగం నియమం. ముందు పడటం, తర్వాత కాళ్ల మీద నిలదొక్కుకోవడం, ఆ తర్వాతే పట్టు.

ఎక్కువ సమయం వెనక్కి పడటానికే కేటాయించాం. వెనక్కి తూలినప్పుడు ఎవరికైనా చెయ్యి దానంతటదే వెనక్కి వెళుతుంది. మోచెయ్యి బిగించి చాచిన ఆ చేతి మీద ఒంటి బరువంతా పడితే మణికట్టు, మోచెయ్యి, కాలర్ బోన్ మూడింటికీ ప్రమాదమే. పైగా ఈ వయసులో ఎముకల చివర్లు ఇంకా పెరుగుతూ ఉంటాయి, అక్కడి మెత్తటి భాగం దెబ్బకు తట్టుకోలేదు. రెండో ప్రమాదం తలకు. గడ్డం పైకి లేచి ఉంటే వీపు తగిలిన మరుక్షణం తల వెనక భాగం మ్యాట్‌కు కొట్టుకుంటుంది.

అందుకని నేల మీది నుంచే మొదలుపెట్టాం. పిల్లలు వెల్లకిలా పడుకుని, గడ్డం ఛాతీకి ఆనించి, తమ నడుము వైపు చూస్తారు. ఛాతీ మీద అడ్డంగా పెట్టుకున్న రెండు చేతులనూ ఒక్కసారిగా పక్కలకు తెచ్చి మ్యాట్‌ను చరుస్తారు. చేతులు ఒంటికి సుమారు 45 డిగ్రీల ఎడంలో ఉండాలి. అంతకన్నా బాగా బార్లా చాపితే భుజం లాగుతుంది, మరీ దగ్గరగా ఉంటే చెయ్యి ఒంటి కింద ఇరుక్కుంటుంది. అరచెయ్యి నుంచి మోచేతి దాకా ఒకేసారి తగలాలి. ఇక్కడ చెవి పెట్టి వినాలి: సరిగ్గా చరిస్తే ఒకటే చప్పుడు వస్తుంది, రెండు వినిపిస్తే మోచెయ్యి ముందు తగిలినట్టే.

అది కుదిరాక కూర్చుని పడటం, తర్వాత గొంతుకూర్చుని పడటం, చివరికి నిలబడి పడటం. నిలబడ్డవాళ్లు ముందు మోకాళ్లు వంచి కిందికి దిగాలి, మడమలకు దగ్గరగా కూర్చోవాలి, అప్పుడు వీపు గుండ్రంగా చేసి వెనక్కి దొర్లాలి. మడమలకు దూరంగా కూలబడితే ఆ అదురు నేరుగా వెన్ను అడుగుకు తగులుతుంది.

చాలామంది దగ్గర కనిపించే ఒక తప్పును ఉదాహరణగా చెబుతాం. గొంతుకూర్చున్నప్పుడు చక్కగా దొర్లే పిల్లవాడు నిలబడేసరికి కుడిచెయ్యి వెనక్కి పెట్టేస్తాడు. "చెయ్యి పెట్టకు" అని ఎన్నిసార్లు అరిచినా లాభం ఉండదు, ఎందుకంటే అసలు తప్పు చేతిది కాదు, మోకాళ్లది. మోకాళ్లు వంగకపోవడంతో కొయ్యలా వెనక్కి వాలతాడు, నేల దూరంగా ఉందని ఒంటికి తెలిసి చెయ్యి ఆసరా వెతుక్కుంటుంది. అతణ్ని మళ్లీ గొంతుకూర్చోబెడతాం. రెండు పిడికిళ్లలో చుట్టిన సాక్స్ ఒక్కోటి పెట్టి చేతులు ఛాతీ మీద కట్టుకోమంటాం, మూడోది గడ్డం కింద పెడతాం. ఎదురుగా ఉన్న జోడీ రెండు ముంజేతులూ పట్టుకుని మెల్లగా కిందికి దించుతాడు. గడ్డం కింది సాక్స్ జారిపడితే తల లేచిందని పిల్లవాడికే తెలిసిపోతుంది, వేరే చెప్పక్కర్లేదు. తర్వాత సగం వంగి, ఆ తర్వాత నిటారుగా నిలబడి అదే పని. చేతులు ఖాళీ చేయడం అన్నిటికంటే ఆఖరున.

నిలదొక్కుకోవడానికి మోకాలు ముట్టుకునే ఆటను ఎంచుకున్నాం. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఎదుటివాళ్ల మోకాలు చేత్తో తాకాలి, తమది తాకనివ్వకూడదు. పాదాలు భుజాలంత ఎడంగా, మోకాళ్లు వంచి, మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా, తల ఎత్తి ఉంచాలి. పక్కకు జరిగేటప్పుడు ముందు వెళ్లే వైపు కాలు కదలాలి, రెండోది దాని వెంట రావాలి. కాళ్లు ఒకదానికొకటి అడ్డం పడ్డ క్షణంలో చిన్న తోపుకే మనిషి పడిపోతాడు. మోకాళ్లు వంచడానికి బదులు నడుము మాత్రమే వంచి నేల చూస్తూ దూకితే తలలు ఢీకొంటాయి, అది కనిపించగానే ఆట ఆపుతాం. ఒక్కో విడత 20 సెకన్లే. అలసిపోయిన పిల్లల మోకాళ్లు నిటారైపోతాయి, అక్కడి నుంచి ఆట తప్పునే నేర్పుతుంది.

పట్టులో మొదటి నియమం: వేళ్లలో వేళ్లు దూర్చకూడదు. ఒంటి బరువు అటూ ఇటూ తిరిగితే పెనవేసుకున్న వేళ్లు విడిపోలేక విరుగుతాయి. అరచేతిలో అరచెయ్యి ఆనించి, బొటనవేళ్లు విడిగా నిలబెట్టకుండా చూపుడు వేళ్ల పక్కకు చేర్చి పట్టాలి. దీన్నే గేబుల్ గ్రిప్ అంటారు. జోడీ మోచేతులు రెండూ మెల్లగా పక్కలకు లాగితే పట్టు ఎంత బలంగా ఉందో తెలుస్తుంది. ఎదుటివాళ్ల చెయ్యి పట్టుకుంటే మణికట్టే పట్టాలి. ఒక వేలో రెండు వేళ్లో పట్టి వంచడం పోటీల్లోనూ నిషిద్ధమే. మెడ మీద పట్టంటే తల వెనక అరచెయ్యి వేయడం వరకే, మెడ చుట్టూ చెయ్యి చుట్టడానికి మా దగ్గర అనుమతి లేదు. జోడీ రెండుసార్లు తట్టగానే పట్టు వదలాలి. తట్టాక కూడా వదలని పిల్లలు ఎంత నేర్పున్నా తిరిగి పాఠంలోకే వెళతారు. ఈ విషయంలో మినహాయింపు ఇవ్వం, తల్లిదండ్రులు కూడా అడగవద్దని మనవి.

పోటీ ఆటకు అర్హత వయసును బట్టి గానీ చేరిన తేదీని బట్టి గానీ రాదు. ముందుగా చెప్పకుండా ఛాతీ మీద మెల్లగా తోస్తే, వరుసగా మూడుసార్లు గడ్డం దించి, చెయ్యి వెనక్కి పెట్టకుండా పడగలగాలి. మొదటి పోటీ కూడా మోకాళ్ల మీదే జరుగుతుంది, పడే ఎత్తు సగానికి తగ్గుతుంది కాబట్టి. ఎదుటివాళ్లను కూలబెట్టి రెండు భుజాలూ మ్యాట్‌కు ఆనించినవాళ్లు గెలిచినట్టు. ఎత్తి వేయడం, తల, పాదాలు మ్యాట్‌కు ఆనించి ఒళ్లు విల్లులా పైకెత్తి మెడ మీద వంతెన కట్టడం ఈ వయసు పాఠంలో లేవు. జోడీలను బరువును బట్టే కడతాం, తేడా పదో వంతుకు మించనివ్వం: 40 కిలోల పిల్లలకు 36 నుంచి 44 కిలోల మధ్యవాళ్లే. ఒకే తరగతిలో ఒకరు ఒక్కసారిగా ఎదిగి, మరొకరు ఇంకా ఎదగకుండా ఉండే వయసు ఇది. తరగతిని బట్టి జోడీ కడితే ఆట చెడుతుంది.

మ్యాట్‌ల అతుకులను ప్రతి తరగతికి ముందు టేపు వేసి మూస్తున్నాం, సందులో కాలివేలు ఇరుక్కుంటే చీలమండ మెలిపడుతుంది. ఆట ముగిశాక క్రిమినాశని రాసి, డబ్బా మీద రాసినంత సేపు తడిగా ఉంచాకే తుడవాలి. వెంటనే తుడిచేస్తే ఆ మందు పని చేయదు. గోళ్లు కత్తిరించుకుని, నగలు, గడియారాలు తీసేసి రావాలి. గుండ్రటి అంచుతో దురద పెట్టే ఎర్రటి మచ్చ కనిపిస్తే తామర కావచ్చు, డాక్టరు సరేననేదాకా మ్యాట్ ఎక్కకూడదు.

వచ్చే ఏడాదికి సభ్యుల నుంచి కోరేది ఒకటే. ఒక్కో జోడీకి సుమారు మూడు మీటర్ల చదరం చోటు వదులుతున్నా, ఆట వేడిలో పిల్లలు పక్క జోడీ మీదికో, మ్యాట్ అంచుకో వెళ్లిపోతున్నారు. అంచుల వెంట నిలబడి, దగ్గరికొచ్చిన జోడీని ఆపి మధ్యకు పంపే పెద్దలు ప్రతి తరగతికీ కావాలి. కుస్తీ తెలియనక్కర్లేదు, ఆట మీంచి చూపు తిప్పకపోతే చాలు. రాగలిగినవాళ్లు కార్యదర్శి దగ్గర పేరు ఇవ్వగలరు.