నిఘంటువులోని ఆ చిన్న నిలువు గీత

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో రోజూ వచ్చే ఇంగ్లిష్ మాటల శీర్షికను నేను మానకుండా చదువుతాను. కిందటి వారం అందులో ‘నిలువెత్తు ఉదాహరణ’ అనే అర్థమున్న మాట ఒకటి ఇచ్చారు. ఇ, పి, ఐ, టి, ఓ, ఎం, ఇ అన్నవి దాని అక్షరాలు. పక్కనే ఉచ్చారణ ‘ఎపిటోమ్’ అని అచ్చయింది. ఎవరో ఫోను చేసి చెప్పినట్టున్నారు, మర్నాడు ‘ఎపిటమీ’ అని సవరణ వేశారు. తప్పు ఒప్పుకున్నందుకు సంతోషమే. కానీ ఆ సవరణ చూసి నేర్చుకున్న వాళ్లలో చాలామంది మొదటి ‘ఎ’ను గట్టిగా పట్టుకుని, చివరి ‘మీ’ని సాగదీసి పలుకుతారని నా అనుమానం. మా ఇంట్లోనే ఇద్దరు అలా పలికారు. ఉచ్చారణను ధ్వని లిపిలో చూపే ఇంగ్లిష్ నిఘంటువుల్లో చాలావాటిలో /ɪˈpɪtəmi/ అని ఉంటుంది. ‘పి’ శబ్దానికి ముందు, కాస్త పైకి, ఒక నిలువు గీత ఉంది చూశారా? సవరణలో పోయింది అదే.

ఆ గీత తన తర్వాత వచ్చే పలుకును ఊని, బలంగా చెప్పమంటుంది. మనవాళ్లు దీన్ని ఎందుకు పట్టించుకోరో నాకు తెలుసు. తెలుగులో ఊనిక మారినంత మాత్రాన మాట మారదు. మన చెవి కొలిచేది కాలాన్ని: హ్రస్వమా, దీర్ఘమా, లఘువా, గురువా. అందుకే గీత కనిపించగానే దీర్ఘం అనుకుని ‘ఇపీటమి’ అనేస్తారు. దీర్ఘానికి నిఘంటువులో వేరే గుర్తు ఉంది, అచ్చు పక్కన రెండు చుక్కల్లా కనిపించే ː. ఈ మాటలో అది లేనే లేదు. మన లెక్కలో నాలుగూ లఘువులే. వాటిలో ఒకటి మాత్రం మిగతా వాటికంటే బలంగా, కాస్త ఎత్తుగా, స్పష్టంగా వినపడాలి. పొట్టిగా ఉంటూనే బలంగా ఉండే అచ్చు మన చెవికి కొత్త. నాలుగు సార్లు పైకి అనుకుంటే గాని నాలుకకు పట్టదు.

ఇక మూడో పలుకులో తలకిందులైన ఇంగ్లిష్ ‘ఇ’ అక్షరం, ə. ఇంగ్లిష్‌లో అన్నిటికంటే ఎక్కువగా వినిపించే అచ్చు ఇదే, కానీ ఇరవై ఆరు అక్షరాల్లో దీనికంటూ ఒకటి లేదు. నోరు పెద్దగా తెరవకుండా, పెదవులు గుండ్రం చేయకుండా, నాలుకను మధ్యలో వదిలేసి ‘అ’ అనబోయి ఆపేస్తే వచ్చేది ఇదే. మనం ‘అ’ అని రాసుకోవచ్చు, కానీ మన ‘అ’ అంత నిండుగా పలకకూడదు. మరో అచ్చుతో జతకట్టకుండా ఒంటరిగా ఉన్నప్పుడు ఇది ఊనిక పడని చోటే ఉంటుంది. అంటే గీతా, ఈ గుర్తూ ఒకే సంగతికి రెండు వైపులు.

అది ఎలాగో ఫోటోల మాటల్లో చూడండి. ఫోటోకు ఇంగ్లిష్‌లో పూర్తి మాట /ˈfəʊtəɡrɑːf/. గీత మొదట్లోనే ఉంది, కాబట్టి ‘ఫో’ బలంగా వస్తుంది, దాని పక్కనున్న ‘టో’ నీరసించి ‘ట’ అవుతుంది. ఫోటో తీసే మనిషి దగ్గరకు వస్తే /fəˈtɒɡrəfə/. గీత ఒక పలుకు ముందుకు జరిగింది. ఇంతసేపూ బలంగా ఉన్న ‘ఫో’ ఒక్కసారిగా ‘ఫ’ అయింది, నీరసించిన ‘ట’ ‘టా’కు దగ్గరగా నిండుగా తెరుచుకుంది. నాలుగు పలుకుల్లో మూడింటిలో ఆ తలకిందుల అక్షరమే. మనమేమో నాలుగింటినీ సమానంగా నిలబెట్టి ‘ఫోటోగ్రాఫర్’ అంటాం. తెలుగులో మాట్లాడుతున్నప్పుడు అది తెలుగు మాటే, తప్పేమీ లేదు. కానీ ఇంగ్లిష్ మాట్లాడుతూ అలా అంటే, ఆ భాషలో పుట్టిన వాడు బలమైన పలుకు ఎక్కడా దొరక్క ఒక క్షణం తడబడతాడు. ‘ఏమన్నారు?’ అని అడిగించుకున్న వాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. విశేషణంలో గీత ఇంకా ముందుకు పోతుంది: /ˌfəʊtəˈɡræfɪk/. మొదట కింద కనిపించే గీత రెండో రకం ఊనిక, పై గీతకంటే తక్కువ బలం.

ఈ మూడింటినీ తెలుగు లిపిలో రాసి చూపించండి, గీతలు లేకుండా. చూపించలేరు. మన లిపిని తప్పుపట్టడం లేదు, అది పుట్టింది వేరే పనికి. మరో భాష వాళ్లకూ ఇదే ఇబ్బంది వచ్చింది గనకే 1886లో పారిస్‌లో భాషలు చెప్పే ఉపాధ్యాయులు కొందరు సంఘంగా ఏర్పడి, 1888లో ఈ అంతర్జాతీయ ధ్వని లిపిని ప్రకటించారు.

ఆ లిపిలోనూ ఒక గోతి ఉంది, మా మనవరాలు అందులోనే పడింది. షికారు పడవను సూచించే ఒక మాట, వై, ఏ, సి, హెచ్, టి, దానికి కనిపించింది. ఎలా పలకాలో తెలియక బుద్ధిగా నిఘంటువు తెరిచింది. అక్కడ /jɒt/ అని చూసి ‘జాట్’ అంది. ఈ లిపిలో j అంటే ‘య’. ‘జ’ కావాలంటే dʒ అని జంటగా రాస్తారు. y గుర్తును పెదవులు గుండ్రం చేసి ‘ఈ’ అనే ఫ్రెంచి అచ్చుకు వాడుకున్నారు కాబట్టి ‘య’కు j మిగిలింది. పిల్ల చేసింది సరైన పనే. ముప్పై ఏళ్లు ఇంగ్లిష్ చెప్పిన నేను మాత్రం ఈ గుర్తులను పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగానే నేర్పాను, ఎవరి చేతా నిఘంటువు తెరిపించలేదు.

మరో చిక్కు గుర్తుల పట్టికలో ఉంది. నిఘంటువు మొదట్లోనో పేజీ అడుగునో ప్రతి గుర్తుకూ ఒక తేలిక మాట ఉదాహరణగా ఇస్తారు. θ పక్కన ‘ఆలోచించు’ అనే మాట ఉంటుంది. దాన్ని మనం మొదటి నుంచీ ‘థింక్’ అనే పలుకుతున్నాం కనుక, పట్టిక మన తప్పునే ధ్రువపరుస్తుంది. θ మన ‘థ’ కాదు. ‘థ’లో నాలుక పళ్లను తాకి గాలిని ఆపి వదులుతుంది, θలో గాలి ఆగకుండా పళ్ల సందున జారుతూనే ఉంటుంది. ఇలాంటి చోట పట్టిక చాలదు, ఫోనులో మాట వినాల్సిందే. అయితే ఒట్టి వినడమూ చాలదు. మన చెవి తనకు అలవాటైన శబ్దాలనే ఏరుకుంటుంది. గీత ఎక్కడుందో ముందు చూసుకుని వింటే, వినాల్సిన చోటు తెలుస్తుంది.

కాబట్టి నా మనవి ఇది. తెలుగు ఉచ్చారణను తీసేయకండి, దాని పక్కనే ధ్వని లిపిని కూడా వేయండి. వేసేటప్పుడు గీతకు బదులు మామూలు కొటేషన్ గుర్తును, ːకు బదులు కోలన్‌ను పెట్టించవద్దు. కంప్యూటర్‌లో వీటికి సొంత సంకేతాలున్నాయి: గీతకు U+02C8, దీర్ఘానికి U+02D0, తలకిందుల అక్షరానికి U+0259. మీ ఫాంటులో అవి లేకపోతే ఖాళీ డబ్బాలు అచ్చవుతాయి, ముందే ఒకసారి చూసుకోమనండి. ఊనిక పడే పలుకును, అంటే ‘ఇపిటమి’లో ‘పి’ని, తెలుగులోనే లావు అక్షరంతో వేసినా సగం పని అవుతుంది.

– ఒక విశ్రాంత ఇంగ్లిష్ ఉపాధ్యాయురాలు