ఫ్రెండ్ ఫోటోతో ఏఐ బొమ్మ చేసే ముందు

అందరికీ నమస్తే. పుట్టినరోజు పోస్టర్ల కోసం ఫ్రెండ్స్ ఫోటోలు ఏఐ యాప్‌లలో పెడుతున్నాం కదా, ఒక్క మాట. "నీ ఫోటో వాడుకోనా?" అని అడిగితే సరిపోదు. దేనికి ఒప్పుకుంటున్నారో వాళ్లకు తెలియాలి. ఇలా అడగండి: "నువ్వు పంపిన నీలం చొక్కా ఫోటోను ఫలానా యాప్‌లో పెట్టి, నిన్ను వ్యోమగామిగా చూపించే బొమ్మ చేద్దామనుకుంటున్నా. ముందు నీకే చూపిస్తా, తర్వాత ఈ గ్రూప్‌లో మాత్రమే పెడతా. సరేనా?" జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు కాదు. గ్రూప్‌కి సరే అంటే స్టేటస్‌కీ సరే అన్నట్టు కాదు.

పక్కన వేరేవాళ్లుంటే కత్తిరించండి. వెనకాల ఇంటి నంబరో, ఐడీ కార్డో కనిపిస్తోందేమో చూడండి. ఒరిజినల్ ఫైల్‌లో ఫోటో తీసిన చోటు కూడా దాగి ఉండొచ్చు, అందుకే స్క్రీన్‌షాట్ తీసి అది ఎక్కించడం నయం. యాప్ సెట్టింగ్స్‌లో మన ఫోటోలను ఏఐ శిక్షణకు వాడుకునే ఆప్షన్ ఉంటే ఆపేయండి. మనం డిలీట్ చేసినా సర్వర్‌లో కాపీ కొన్నాళ్లు ఉండొచ్చు. ఆ సంగతి ఫ్రెండ్‌కి ముందే చెప్పాలి.

ప్రాంప్ట్‌లో పేరు, ఊరు, ఆఫీసు అక్కర్లేదు. ఇది చాలు: "ఈ ఫోటోలోని వ్యక్తిని వ్యోమగామి దుస్తుల్లో, కార్టూన్‌లా గీయి. ముఖం పోలికలు, వయసు, ఒంటి రంగు, శరీరాకృతి మార్చకు." కార్టూన్ అని ఎందుకంటే, నిజం ఫోటో అని ఎవరూ పొరబడరు. "ఇంకా అందంగా" అని రాశారో, తరచూ ఒంటి రంగు తేలిపోతుంది, ముఖం సన్నబడుతుంది. అది మీ ఫ్రెండ్ అడగని మార్పు. అరెస్టయినట్టు, తాగి పడిపోయినట్టు చూపించే సరదాలు వద్దు. పిల్లల ఫోటోలైతే నేను అసలు ఎక్కించను.